25వ తేదీ సాయంత్రం అయిదు లోగా

ఎర్రగడ్డ చుట్టుపక్కల ఆసుపత్రులకు కొదవ లేదు. ఛాతీ ఆసుపత్రి, మానసిక ఆరోగ్య సంస్థ అక్కడే ఉన్నాయి. కాస్త ముందుకెళితే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి. ఇన్ని ఆసుపత్రులున్న చోట మందుల గోదాములు ఉండకుండా ఎలా ఉంటాయి? అలాంటి ఒక గోదాము ఆఫీసులో స్టోర్స్ చూసుకునే ఒక ఉద్యోగిని తన పై అధికారికి రాసిన చిన్న ఉత్తరం గురించి ఈ వ్యాసం. ఆమె అనుమతితోనే దాన్ని ఇక్కడ పెడుతున్నాను. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలూ అంకెలూ మార్చాను. మాటల పొందికను మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే చూడాల్సింది దాన్నే.

ముందు సంగతేమిటో చెప్పాలి. ఇన్సులిన్, టీకాల వంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకంటే వేడెక్కినా పాడవుతాయి, గడ్డకట్టినా చాలా రకాలు పనికిరాకుండా పోతాయి. అందుకే ఆ గోదాములో కోల్డ్ రూమ్‌కి రెండు కంప్రెసర్లు పెట్టారు. ఒకటి నడుస్తుంటే ఇంకోటి ఆపత్కాలానికి సిద్ధంగా ఉంటుంది. ఆ రెండోది కాలిపోయింది. కొత్తదానికి కొటేషన్ 1,84,000 రూపాయలు, పన్నుతో కలిపితే 2,17,120. ఆమె సొంతంగా మంజూరు చేయగలిగే పరిమితి 50,000. ఆ పైన ఆపరేషన్స్ చూసే పెద్దాయన ఆమోదం కావాలి. ఆయన ఆమెకంటే పదిహేనేళ్లు సీనియరు, నలుగురిలో మాట పడని మనిషి, రోజంతా ఫోన్లోనే ఉంటాడు.

9వ తేదీన ప్రతిపాదన పంపింది. జవాబు లేదు. 16న ఫోన్‌కి రెండు ముక్కల మెసేజీ పెట్టింది. నీలం టిక్కులు పడ్డాయి, అంతే. 22న ఈ ఉత్తరం ఈమెయిల్లో వెళ్ళింది.

విషయం దగ్గర ఇలా ఉంది: “కోల్డ్ రూమ్ కంప్రెసర్, రూ. 2,17,120: 25వ తేదీ లోగా మీ నిర్ణయం కావాలి.”

తర్వాత అసలు ఉత్తరం:

“సర్, నమస్కారం.

కోల్డ్ రూమ్ రెండో కంప్రెసర్ మార్చే ప్రతిపాదన 9వ తేదీ నుంచి మీ నిర్ణయం కోసం ఉంది. 16న ఒకసారి గుర్తుచేశాను.

కొటేషన్ ధర 30 వరకే చెల్లుతుంది. ఆర్డరు కాగితం అకౌంట్స్ దాటి సప్లయర్‌కి చేరడానికి రెండు పనిదినాలు కావాలి. 27, 28 సెలవులు. ప్రస్తుతం గది ఒక్క కంప్రెసర్ మీద నడుస్తోంది. అది ఆగితే వేరే ఏర్పాటు లేదు.

‘సరే’, ‘వద్దు’, ‘ఫలానా వివరం కావాలి’, ఈ మూడింటిలో ఏదో ఒకటి రాస్తే చాలు సర్.

25 సాయంత్రం అయిదు లోగా మీ మాట అందితే 26 ఉదయం దాని ప్రకారం చేస్తాను. అందకపోతే ఆర్డరు పెట్టను. 26న జరిగే వారపు సమావేశంలో పెండింగ్ అంశాల కింద దీన్ని చేరుస్తాను.

రేపు భోజనానికి ముందు మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి పది నిమిషాల్లో వివరిస్తాను. 9 నాటి ప్రతిపాదన కిందనే ఉంది. శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి.”

మొదటి వాక్యంలో కర్త ఎవరో చూడండి. పెద్దాయన కాదు, ఆమె కూడా కాదు. ప్రతిపాదన. “మీరు ఇంతవరకూ స్పందించలేదు” అని రాస్తే అందులో ఆయన ఒక తప్పు చేసినవాడిగా నిలబడతాడు. అలా నిలబెట్టిన మనిషి ముందు చేసే పని తనను తాను సమర్థించుకోవడం. ఆమోదం సంగతి ఆ తర్వాతే. ఇక్కడ కాగితం ఒకచోట ఉందని మాత్రమే చెప్పింది, ఎప్పటినుంచి ఉందో తేదీ వేసింది. ఆలస్యం ఎంతో లెక్క కట్టుకునే పని చదివేవాడికే వదిలేసింది. “పదమూడు రోజులయింది” అని తాను అనలేదు. ఆ అంకె ఆమె నోటివెంట వస్తే నిష్ఠూరం, ఆయన వేళ్ళమీద ఆయనే లెక్కపెట్టుకుంటే వాస్తవం.

రెండో వాక్యం “16న ఒకసారి గుర్తుచేశాను.” మెసేజీ చూశారని తనకు తెలుసు. నీలం టిక్కుల సాక్ష్యం చేతిలోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు. చూసి ఊరుకున్నారని అంటే ఆయనకు మిగిలేది రెండే దారులు: ఒప్పుకోవడం, లేదా అబద్ధమాడడం. రెండూ ఆమెకు పనికిరావు. ఆమెకు కావలసింది కంప్రెసర్. “అందలేదమ్మా”, “పనిలో పడి మరిచిపోయాను” అని తప్పుకునే సందు ఆయనకు ఉంచింది. పెద్దవాళ్ళకు గుర్తుచేసే ఉత్తరాల్లో ఈ సందు ఉంచడం చేతకాకే చాలా ఉత్తరాలు చెడిపోతాయి.

మర్యాద అంతవరకు. ఆ తర్వాతి పేరా అంతా లెక్క. ధర 30 వరకు ఉంటే 25 అని ఎందుకు అడిగింది? చాలామంది 30 అనే రాసేవాళ్ళు, లేదా “వీలైనంత త్వరగా” అని రాసేవాళ్ళు. వీలైనంత త్వరగా అంటే ఎవరి వీలు? చదివేవాడి వీలే కదా, అది ఇప్పటికే పదమూడు రోజులు తీసుకుంది. ఆమె చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టింది. 30 మంగళవారం. 28 ఆదివారం, 27 నాలుగో శనివారం, రెండూ సెలవులే. కాబట్టి 25 గురువారం దాటాక మిగిలే పనిదినాలు 26, 29, 30. అందులో ఆర్డరు కాగితానికి రెండు పోతే చేతిలో ఒక్క రోజు మిగులుతుంది, ఎక్కడైనా సంతకం తప్పిపోతే సర్దుకోవడానికి. 26 సాయంత్రం అని అడిగి ఉంటే ఆ ఒక్కరోజూ ఉండేది కాదు. గడువు గట్టిగా ఉందంటే గొంతు పెద్దది చేసినందువల్ల కాదు, దాని వెనక ఉన్న కూడికలు తీసివేతలు కాగితం మీద కనబడుతున్నందువల్ల. ఆ తేదీ ఆమె పెట్టింది కాదు, క్యాలెండరు పెట్టింది. క్యాలెండరు వల్ల అధికారి అహం దెబ్బతినదు.

ప్రమాదాన్ని చెప్పిన తీరు కూడా గమనించాలి. “అది ఆగితే వేరే ఏర్పాటు లేదు.” అక్కడితో ఆపింది. గదిలో ఎన్ని లక్షల సరుకుందో, పాడైతే ఎవరు జవాబుదారో రాయలేదు. ఆయనకు అది ఆమెకంటే బాగా తెలుసు. తెలిసిన విషయాన్ని ఎత్తి రాస్తే అది సమాచారం కాదు, బెదిరింపు. ఇక్కడ నాకు ఇంకాస్త ఉంటే బాగుండునని అనిపించిన మాట ఒకటుంది: గది చల్లదనం ప్రస్తుతం ఎంత దగ్గర నిలుస్తోందో ఒక్క అంకె. 5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే తొందర కొంచెం తక్కువ, 7 దాటి ఊగుతుంటే సంగతి వేరు. ఆ అంకె ఉంటే గడువుకు ఇంకో ఆధారం దొరికేది.

ఇక మూడు జవాబుల వాక్యం. పెద్దవాళ్ళు జవాబివ్వకపోవడానికి సోమరితనం అరుదుగా కారణం. ‘సరే’ అనడానికి ఏదో అడ్డు ఉంటుంది, ‘వద్దు’ అంటే వివరణ ఇవ్వాలి, వివరం అడగాలంటే ఏ వివరమో ఆలోచించి రాయాలి. మూడూ పనే. అందుకని కాగితం అలా పడి ఉంటుంది. ఆమె ఆ మూడింటినీ సమానంగా పరిచింది. ముఖ్యంగా ‘వద్దు’ని. ఆమోదం అడిగే ఉత్తరాల్లో ‘వద్దు’ అనే మాట మీకు సాధారణంగా కనబడదు. ఎక్కడ గుర్తుకొచ్చి అంటారేమోనన్న భయం. కానీ కాదనే స్వేచ్ఛ లేకుండా అడిగితే అది అభ్యర్థన కాదు, ఒత్తిడి. ఎదుటివాడు అది పసిగట్టి మౌనంలోకి పోతాడు. పైగా ఆమెకు ‘వద్దు’ కూడా పనికొచ్చే జవాబే. ఆ మాట రాతలో వస్తే అద్దె కంప్రెసర్ సంగతో, సరుకును వేరే గోదాముకు తరలించే సంగతో చూసుకోవచ్చు. ఏ జవాబూ లేకపోవడంతోనే చిక్కు.

నాకు ఎక్కువ నచ్చిన వాక్యం మాత్రం ఆ తర్వాతిది: “అందకపోతే ఆర్డరు పెట్టను.”

ఇది తలకిందులుగా ఉందని మొదటిసారి చదివినప్పుడు అనిపిస్తుంది. ఆఫీసుల్లో తరచూ వినబడే చిట్కా దీనికి సరిగ్గా ఎదురు: “25 లోగా మీ నుంచి ఏమీ రాకపోతే ఆమోదించినట్టే భావించి ముందుకెళతాను” అని రాయమంటారు. వినడానికి గట్టిగా ఉంటుంది. కానీ నిలబడదు. 1862లో ఇంగ్లండ్‌లో ఇలాంటి తగవే కోర్టుకెక్కింది, ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. పాల్ ఫెల్ట్‌హౌస్ తనకు వరసకు కొడుకయ్యే అబ్బాయి గుర్రాన్ని 30 పౌండ్ల 15 షిల్లింగులకు కొంటానన్నాడు. ఇంకే కబురూ రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను అని ఉత్తరం రాశాడు. ఆ అబ్బాయి జవాబు రాయలేదు, అమ్మాలనే అనుకున్నాడు కూడా. వేలం వేసే బిండ్లీ పొరపాటున ఆ గుర్రాన్ని ఇంకెవరికో అమ్మేశాడు. ఫెల్ట్‌హౌస్ దావా వేస్తే కోర్టు కాదంది. ఎదుటివాడి మౌనాన్ని అంగీకారంగా మార్చే హక్కు అడిగినవాడికి లేదన్నది ఆ తీర్పు సారాంశం. మన దేశంలో న్యాయశాస్త్రం చదివే దాదాపు ప్రతి విద్యార్థీ ఈ గుర్రం కథ దాటే వస్తాడు.

మౌనం అంగీకారమయ్యే చోట్లు లేకపోలేదు. అయితే దానికి పైనుంచి ఒక నియమం కావాలి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం కింద, ఏకగవాక్ష పద్ధతిలో పెట్టుకున్న భవన అనుమతి దరఖాస్తుపై 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. పరిశ్రమల అనుమతులకు 2014 నాటి టీఎస్-ఐపాస్ చట్టంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. అక్కడ మౌనానికి అర్థం ఏమిటో చట్టసభ నిర్ణయించింది, దరఖాస్తు పెట్టినవాడు కాదు. మన స్టోర్స్ ఉద్యోగినికి అలాంటి నియమం ఏదీ లేదు. ఆమె పరిమితి 50,000. రెండు లక్షల పైచిలుకు ఆర్డరు మౌనం మీద ఆధారపడి పెడితే రేపు ఆడిట్‌లో ఆ మెయిల్ ఆమెను కాపాడదు, ఆమెనే పట్టిస్తుంది. తన అధికారం దాటుతానని తానే ముందుగా రాసి ఇచ్చినట్టవుతుంది. పైగా పెద్దాయనకు నచ్చకపోతే “నేను ఒప్పుకోలేదే” అనే ఒక్కమాటతో తప్పుకుంటాడు.

“ఆర్డరు పెట్టను” అనడంతో ఆమె తన గీత దాటలేదు. అదే సమయంలో బరువు ఎక్కడుండాలో అక్కడ పెట్టింది. ఆర్డరు ఆగితే అది నిర్ణయం రానందువల్ల ఆగినట్టు కాగితం మీద ఉంటుంది. తర్వాత జరగబోయే రెండో పని కూడా మామూలుదే: వారపు సమావేశంలో పెండింగ్ అంశాల కింద చేర్చడం. అది ప్రతివారం జరిగే సమావేశం, ఆ జాబితా ప్రతివారం ఉండేదే. “ఎండీ గారి దృష్టికి తీసుకెళతాను” అనలేదు. అలా అంటే ఫిర్యాదు. జాబితాలో చేర్చడం ఆమె రోజువారీ విధి. ఫలితం దాదాపు ఒకటే, పెద్దాయన పేరు పక్కన ఆ అంశం అందరి ముందుకూ వస్తుంది. కానీ ఒకదానిలో ఆమె ఆయన మీదికి వెళ్ళింది, ఇంకోదానిలో అంశం తన దారిన తాను వెళ్ళింది. అది కూడా నాలుగు రోజుల ముందే ఆయనకు చెప్పి.

ఈ మెయిల్‌కి నకలు ఎవరికీ పెట్టలేదు. మొదటి ముసాయిదాలో ఎండీ పేరు నకలు వరుసలో ఉందని, పంపే ముందు తీసేశానని ఆమె చెప్పింది. ఈ విషయంలో సర్కారీ ఆఫీసుల పాత ఒరవడి ఆమెకు తెలియకుండానే ఆమె వెంట ఉంది. ప్రభుత్వ కార్యాలయాల్లో మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే రిమైండర్ పోతుంది. దానికీ కదలకపోతే డీవో లెటర్. మామూలు ఉత్తరం హోదాకు వెళుతుంది, డీవో లెటర్ మనిషికి వెళుతుంది. పేరు పెట్టి, ఉత్తమ పురుషలో, స్నేహంగా రాస్తారు. కింద సంతకం చేసేటప్పుడు హోదా కూడా రాయరు. ఆ అధికారి సొంతంగా దృష్టి పెట్టాలని అడగడమే దాని పని. దాన్ని ఎవరు ఎవరికి రాయవచ్చో కూడా కేంద్ర సచివాలయ నియమావళి ఒక హద్దు పెట్టింది: అందుకునేవారి కంటే ఒకటి రెండు మెట్లకు మించి కిందివాళ్ళు సాధారణంగా రాయకూడదు. అంటే గుమాస్తా తానుగా కార్యదర్శికి డీవో లెటర్ రాయలేడు, తన పై అధికారి చేత రాయించుకోవాలి. గట్టిదనం పెరిగేకొద్దీ గొంతు మృదువవుతుంది, చదివేవారి సంఖ్య తగ్గుతుంది. ఇప్పటి ఆఫీసుల్లో జరిగేది దీనికి తలకిందులు: ఒక్కో రిమైండర్‌కి నకలు వరుసలో ఇద్దరు పెరుగుతారు. పదిమంది చూస్తుండగా అడిగితే జవాబు ఆ పదిమందికీ వస్తుంది, కంప్రెసర్ సంగతి వెనక్కి పోతుంది.

ఈ ఉత్తరంలో నాకు నచ్చనిది చివరి వాక్యం. “శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి.” ఎవరి శ్రమ? నిర్ణయం చెప్పడం ఆయన ఉద్యోగం, గుర్తుచేయడం ఆమె ఉద్యోగం. అంత నిబ్బరంగా నిలబెట్టిన గడువును ఆ క్షమాపణ కొంచెం వదులు చేసింది. అడిగితే నవ్వి, “అది లేకపోతే మా సార్‌కి ఉత్తరం పూర్తయినట్టు ఉండదండీ” అంది. ఆయన్ని ఎరిగినది ఆమె, నేను కాదు. అయినా నా చేతిలో ఉంటే అక్కడ “ధన్యవాదాలు” అని ఊరుకునేవాణ్ణి.

ఇలాంటి ఉత్తరం పనిచేయని చోటు ఒకటుంది. పెద్దవాడు మరిచిపోయి కాదు, కావాలనే తొక్కిపెడుతున్నప్పుడు. దాని ఆనవాళ్ళు కొన్ని తెలుస్తాయి. అదే రోజు అదే మనిషి మిగతావాళ్ళ కాగితాలకు జవాబులు ఇస్తుంటాడు. లేదా ప్రతి రిమైండర్‌కీ ఒక కొత్త వివరం అడుగుతాడు, ఇచ్చిన వివరం గురించి మాట్లాడడు. ఎదురుపడితే “చూద్దాం” అంటాడు, రాతలో మాత్రం ఏమీ పెట్టడు. అప్పుడు గడువులూ మర్యాదలూ పనిచేయవు. మాట్లాడి వచ్చిన ప్రతిసారీ “ఇందాక మీరు ఇలా అన్నారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను” అని రెండు వాక్యాలు రాసి పంపుతూ పోవాలి. అది ఇంకో రకం పనితనం, దానికి ఇంకాస్త గుండె కావాలి.

ఇక్కడ అలా జరగలేదు. 23 మధ్యాహ్నం జవాబు వచ్చింది. మూడింటిలో మూడోది: “రెండో కొటేషన్ ఎక్కడ?” లక్ష దాటిన కొనుగోలుకు ఆ కంపెనీలో రెండు కొటేషన్లు ఉండాలట. ఆమె తెప్పించింది కూడా, 9న పంపిన మెయిల్‌కి జతచేయడం మరిచిపోయింది. పెద్దాయన కాగితం తెరిచాడు, ఒకే కొటేషన్ చూశాడు, రెండోది వస్తుందిలే అని పక్కన పెట్టాడు. ఆయన ఆమె కోసం, ఆమె ఆయన కోసం రెండు వారాలు ఎదురుచూశారు. “ఫలానా వివరం కావాలి” అన్న మాట అక్కడ లేకపోతే ఆయన అడిగేవాడో లేదో, ఆ ఒక్క ప్రశ్న ఆయన వేలికి అందేలా చేసింది మాత్రం ఆ వాక్యమే.

రెండో కొటేషన్ మొదటిదానికంటే 11,000 ఎక్కువ. అరగంటలో పంపింది. 24న “సరే” అని రెండక్షరాల జవాబు వచ్చింది. 26న ఆర్డరు వెళ్ళింది. పెండింగ్ జాబితాలో ఆ వారం కంప్రెసర్ పేరు లేదు.